శనివారం సిట్టింగు, వారం పద్దు

బరువు తగ్గాలనుకునేవాళ్ళలో ఒక రకం ఉంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా వీళ్ళను వేలెత్తి చూపడానికి ఏమీ ఉండదు. పొద్దున మూడు ఇడ్లీలు, మధ్యాహ్నం కొలిచి పెట్టుకున్న అన్నం, రాత్రికి రెండు పుల్కాలు, టీలో సగం చక్కెర. శనివారం సాయంత్రం మాత్రం స్నేహితులతో సిట్టింగు. వారమంతా నోరు కట్టుకున్నాం, ఒక్క పూటకు ఏమవుతుందిలే అన్నది వాళ్ళ ధీమా. మూడు నెలలు గడిచినా కాటా మీద అంకె కదలదు. అప్పుడు నెపం థైరాయిడ్ మీదికో, వయసు మీదికో, ఇంట్లో వాడే నూనె మీదికో పోతుంది. శనివారం మీదికి మాత్రం పోదు.

ఒకసారి పద్దు రాసి చూద్దాం. హైదరాబాద్‌లో కూర్చుని చేసే ఉద్యోగం, 36 ఏళ్ళ వయసు, 170 సెంటీమీటర్ల ఎత్తు, 84 కిలోల బరువు ఉన్న ఒక మగమనిషిని ఊహించుకోండి. అతని ఒంటికి రోజుకు సుమారు 2300 కేలరీలు ఖర్చవుతాయి. 1800 తింటే రోజుకు 500 తరుగు. వారం మొత్తానికి అది 3500. ఒక కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7700 కేలరీల తరుగు కావాలని లెక్క కాబట్టి, ఇలా తింటే వారానికి అర కిలోకు కొంచెం తక్కువగా తగ్గాలి. ఐదు రోజులు అతను నిజంగానే 1800 దాటలేదనుకుందాం. శుక్రవారం రాత్రి పడుకునేసరికి చేతిలో 2500 మిగులు ఉంది.

శనివారం టిఫిను, మధ్యాహ్నం భోజనం కలిపి 1200. సాయంత్రం మిత్రుడి ఇంట్లో మొదట ఒక స్ట్రాంగ్ బీరు. ఆ పెద్ద సీసా 650 మిల్లీలీటర్లు, దాదాపు 330 కేలరీలు. తర్వాత విస్కీ క్వార్టర్, అంటే మూడు లార్జ్ పెగ్గులు, 430. ఒక్కో పెగ్గులోకి ఒక గ్లాసు చొప్పున తియ్యటి కూల్‌డ్రింకు, మూడింటికీ కలిపి 260. ముందున్న పళ్ళెంలో మసాలా పల్లీలు, చిప్స్, ఒక చికెన్ 65. అందులో అతని వంతుకు వచ్చింది తక్కువలో తక్కువ 920. పదకొండున్నరకు ఎవరో ఫోన్ తీసి బిర్యానీ ఆర్డర్ పెట్టారు. హోటల్ బిర్యానీ ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఒక ప్లేటు 900 అనుకుందాం. అన్నీ కలిపితే ఆ రోజు 4040. ఖర్చు పోను 1740 ఎక్కువ పడింది.

ఆదివారం పదింటికి లేచాడు. తల బరువుగా ఉంది, నోరు ఉప్పగా కారంగా ఏదో అడుగుతోంది. పూరీ, మధ్యాహ్నం మటన్, సాయంత్రం మిర్చి బజ్జీ. ఏమీ పట్టించుకోకుండా తింటే 2800 అవడం పెద్ద కష్టం కాదు. ఇంకో 500 ఎక్కువ. రెండు రోజుల ఎక్కువ కలిపి 2240. ఐదు రోజుల మిగులు 2500లోంచి అది తీసేస్తే 260 మిగిలింది. కొవ్వు రూపంలో చెప్పాలంటే సుమారు 34 గ్రాములు. ఇంట్లో కాటా మీద అది కనిపించే తేడాయే కాదు. అతను వారమంతా చేసిన డైటింగు అబద్ధం కాదు. దాని ఫలం మాత్రం శనివారం రాత్రి ఏడు నుంచి ఆదివారం రాత్రి ఏడు లోపల ఖర్చయిపోయింది.

ఈ పద్దులో చూడాల్సింది ఇంకొకటి ఉంది. ఆ సాయంత్రం లోపలికి వెళ్ళిన 2840 కేలరీల్లో మద్యం సీసాల నుంచి వచ్చింది 760. అంటే పావు వంతు కంటే కాస్త ఎక్కువ. మిగిలినదంతా కలుపుకున్నది, నంజుకున్నది, చివర్లో తిన్నది. అందుకే వారాంతం తాగుడును డైటింగులో ఇమిడ్చాలనుకునేవాళ్ళు గ్లాసు ఒక్కదాన్నే చూస్తే పని జరగదు. కానీ గ్లాసులో ఎంత ఉందో తెలియకపోతే అసలు లెక్కే మొదలు కాదు కాబట్టి ముందు అక్కడికే వెళ్దాం.

బిస్కెట్ ప్యాకెట్ వెనక కేలరీలు ఉంటాయి. మన దగ్గర మద్యం సీసాల మీద మామూలుగా ఉండవు. ఆల్కహాల్ శాతం మాత్రం తప్పకుండా ఉంటుంది. ఆ ఒక్క అంకె చాలు. ఎన్ని మిల్లీలీటర్లు తాగారో దాన్ని సీసా మీది శాతంతో గుణించి, 18తో భాగించండి. ఆల్కహాల్ నుంచి వచ్చే కేలరీలు దాదాపుగా వచ్చేస్తాయి. ఆల్కహాల్ నీళ్ళకంటే తేలిక, ఒక్కో గ్రాముకు 7 కేలరీలు ఇస్తుంది. ఆ రెండింటినీ కలిపి కుదిస్తే వచ్చిన అంకె ఈ 18. మన విస్కీ, బ్రాందీ, రమ్ములు ఎక్కువగా 42.8 శాతానివే. క్వార్టర్ 180 మిల్లీలీటర్లను 18తో భాగిస్తే 10. దాన్ని 42.8తో గుణిస్తే 428. లార్జ్ పెగ్గు 60 మిల్లీలీటర్లు అందులో మూడో వంతు, సుమారు 143. స్మాల్ అయితే 71. బీరుకు ఇదే లెక్క వేసి, అందులో మిగిలిపోయే పిండి పదార్థాల కోసం పెద్ద సీసాకు ఇంకో 80 కలుపుకోవాలి. 5 శాతం లైట్ బీరు 260 దగ్గర, 7 శాతం స్ట్రాంగ్ బీరు 330 దగ్గర తేలుతుంది.

దీన్నిబట్టి సిట్టింగుల్లో వినిపించే ఒక మాట సంగతి తేలిపోతుంది. విస్కీలో చక్కెర లేదు, కార్బ్స్ లేవు, కాబట్టి లావు చేయదు అంటారు. చక్కెర లేని మాట నిజమే. కేలరీలు లేవన్నది నిజం కాదు. గ్రాముకు 7 అంటే అన్నంలోని పిండి పదార్థం కంటే ముప్పావు వంతు ఎక్కువ, నూనె కంటే కొంచెమే తక్కువ. ఇలాగే బీరు మానేసి విస్కీకి మారితే పొట్ట తగ్గుతుందని ఇంకొందరి నమ్మకం. ఒక లైట్ బీరు బదులు రెండు లార్జ్‌లు తాగితే కేలరీల్లో తగ్గిందేమీ లేదు, పైగా ఒకటిన్నర రెట్లకు మించి ఆల్కహాల్ లోపలికి వెళ్ళింది.

కల్లు సంగతి కొంచెం వేరు. దానికి సీసా మీద లేబులూ లేదు, శాతమూ లేదు. చెట్టు దించినప్పుడు అందులో ఎక్కువగా ఉండేది చక్కెర. పొద్దెక్కేకొద్దీ అది పులిసి ఆల్కహాల్ అవుతుంది. రుచి తీపి నుంచి పులుపుకు మారినంత మాత్రాన కేలరీలు ఎక్కడికీ పోవు. చక్కెరలోని శక్తిలో చాలా భాగం ఆల్కహాల్‌లోకి వెళ్ళి కూర్చుంటుంది. నీళ్ళు కలపని కల్లు లీటరుకు 400 పైచిలుకు అనుకుని పద్దులో వేసుకోవడం మేలు. పొద్దున తాగినా సాయంత్రం తాగినా అదే అంకె.

ఆల్కహాల్‌లో కేలరీలు ఉన్నాయన్న విషయమే ఒకప్పుడు పెద్ద గొడవకు దారి తీసింది. అమెరికాలో విల్బర్ అట్‌వాటర్ అనే శాస్త్రవేత్త పంతొమ్మిదో శతాబ్దం చివర్లో, మనిషి లోపల ఉండగలిగే ఒక గదిని కట్టించి, తిన్న తిండి ఒంట్లో ఎంత వేడిగా మారుతోందో కొలిచాడు. ఆల్కహాల్‌నూ అలాగే కొలిచి, అది కూడా తిండిలాగే శరీరానికి ఇంధనంగా ఉపయోగపడుతోందని చెప్పాడు. మద్యనిషేధం కోరుతున్న సంఘాలు మండిపడ్డాయి. మద్యం వ్యాపారులు మాత్రం ఆ మాటను పట్టుకుని ప్రచారానికి వాడుకున్నారు. ఇప్పుడు మనం ప్యాకెట్ల మీద చదువుకునే కేలరీల లెక్కలకు మూలం అట్‌వాటర్ పద్ధతే.

ఇంధనమే అయినా ఆల్కహాల్ తీరు మిగతా తిండిలా ఉండదు. కొవ్వు తింటే ఒళ్ళు దాచుకుంటుంది. పిండి పదార్థం తింటే కాలేయంలో, కండరాల్లో కొంత నిల్వ పెట్టుకుంటుంది. ఆల్కహాల్‌ను దాచుకోవడానికి చోటు లేదు, పైగా అది విషం. అందుకని కాలేయం ముందు దాని పని పడుతుంది. అది పూర్తయ్యేదాకా కొవ్వు వరసలో వెనక నిలబడాలి. 1999లో కాలిఫోర్నియా పరిశోధకులు కొందరు మగవాళ్ళకు 24 గ్రాముల ఆల్కహాల్ ఇచ్చి చూశారు. మన పద్దులో చెప్పాలంటే ఒక లార్జ్ కంటే కొంచెం ఎక్కువ మోతాదు. తర్వాతి కొన్ని గంటల్లో ఒంట్లో కొవ్వు కరిగే వేగం నాలుగింట మూడు వంతుల దాకా పడిపోయింది. అదే సమయంలో ఆ ఆల్కహాల్‌లో కొవ్వుగా మారింది 5 శాతం కూడా లేదు.

ఈ రెండు ఫలితాలనూ కలిపి చదవాలి. పొట్ట మీద చేరే కొవ్వు విస్కీలోంచి పుట్టుకొచ్చింది కాదు. విస్కీ పక్కన తిన్న చికెన్ 65 నూనె, బిర్యానీ నెయ్యి, మామూలు రోజైతే కొంత ఖర్చయ్యేవి, ఆ రాత్రి ఖర్చు కాకుండా నేరుగా గోదాముకు వెళ్ళాయి. రోజు మొత్తంలో తిన్నది తక్కువే అయితే ఈ ఆగిపోవడం వల్ల నష్టం లేదు, మర్నాడు ఒళ్ళు ఆ లోటును పూడ్చుకుంటుంది. తిన్నది ఎక్కువైతే మాత్రం ఎక్కువైనదంతా కొవ్వే. సగటు మనిషి కాలేయం గంటకు 7, 8 గ్రాముల ఆల్కహాల్‌ను వదిలించుకుంటుంది. క్వార్టర్‌లో దాదాపు 60 గ్రాములు ఉంటుంది కాబట్టి ఎనిమిది గంటల పని. రాత్రి పదకొండుకు చివరి గుక్క తాగినవాడు ఆదివారం పొద్దున్నే బండి తీస్తే రక్తంలో ఇంకా మిగిలి ఉండొచ్చు. మన చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. డైటింగుకు సంబంధం లేకపోయినా ఈ గంటల లెక్క తెలిసి ఉండాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న. అదే మనిషి, అదే శనివారం, అదే స్నేహితులు. వారం తరుగు 3500 చెడకుండా కుదురుతుందా? కుదురుతుంది, అయితే రోజు పద్దు పక్కన పెట్టి వారం పద్దు పెట్టుకోవాలి. రోజుకు 1800 చొప్పున వారానికి 12,600. ఈ మొత్తాన్ని ఏడు రోజులకూ సమానంగా పంచాలని ఎవరూ శాసనం చేయలేదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకు 1700 తింటే 500 మిగులుతుంది. దాన్ని శనివారానికి జమ చేస్తే ఆ రోజుకు 2300. ఆదివారం మళ్ళీ 1800. మొత్తం 12,600 అలాగే ఉంది.

రోజుకు వంద తగ్గించడం ఆకలికి తెలియని పని. కూరలో ఒక టేబుల్ స్పూను నూనె తక్కువ వేసినా 120 తగ్గుతుంది. నాలుగు గంటల టీతో తినే బిస్కెట్లు మూడు మానేసినా దాదాపు అంతే. ఇక్కడ ఒక జాగ్రత్త. తగ్గించేది నూనెలోంచి, తీపిలోంచి, అన్నంలోంచి తగ్గించాలి. పప్పు, గుడ్లు, పెరుగు, చికెన్ ముట్టుకోకూడదు. తరుగులో ఉన్న ఒంటికి ప్రోటీన్ కూడా తగ్గిస్తే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది, ఆకలీ పెరుగుతుంది. మద్యంలో ప్రోటీన్ ఉండదు కాబట్టి శనివారం దాని లోటు మామూలుగానే కొంత ఉంటుంది.

సరే, శనివారం 2300 ఎలా ఖర్చు పెట్టాలి? టిఫినుకు రెండు పెసరట్లు, అల్లం చట్నీ, 300. మధ్యాహ్నం అన్నం తగ్గించి పప్పు, కూర, పెరుగు, 450. బిర్యానీ తినాలని ఉంటే తినొచ్చు, కానీ పదకొండున్నరకు కాదు, ఏడున్నరకు, సిట్టింగు మొదలుకాకముందే. అది 900. తర్వాత రెండు లార్జ్‌లు సోడాతోనో నీళ్ళతోనో, 285. పక్కన నాలుగు ముక్కల తందూరి చికెన్, కీరా ముక్కలు, నిప్పుల మీద కాల్చిన అప్పడం ఒకటి రెండు, అన్నీ కలిపి 300. మొత్తం 2235. ఇందులో బిర్యానీ ఉంది, చికెన్ ఉంది, మందూ ఉంది. పోయింది బీరు, మూడో పెగ్గు, కూల్‌డ్రింకు, నూనె నంజుళ్ళు.

అన్నిటికంటే పెద్ద మార్పు ఆ పోయినవాటిలో లేదు. తిండిని ముందుకు జరపడంలో ఉంది. ఖాళీ కడుపు మీద తాగితే ఆల్కహాల్ రక్తంలోకి త్వరగా ఎక్కుతుంది, ఎక్కాక ఆకలి పెరుగుతుంది, ఆకలి పెరిగినప్పుడు చేతికి దొరికేది పల్లీల గిన్నె. ముందే భోంచేసినవాడికి ఆ గిన్నె మీద అంత మోజు ఉండదు. తాగుతూ తినేది లెక్కకు రాకపోవడానికి ఇంకో కారణం, అందరి పళ్ళెం ఒకటే కావడం. ఎవరు ఎంత తిన్నారో ఎవరికీ తెలియదు. గుప్పెడు వేయించిన పల్లీలు, అంటే 50 గ్రాములు, 300 కేలరీలు. అది రెండు లార్జ్‌లకంటే ఎక్కువ. సిట్టింగులో మనిషికి ఒక గుప్పెడుతో ఆగిన సందర్భం ఈ వ్యాసకర్త కంట పడలేదు. తన వంతు విడిగా చిన్న ప్లేటులో పెట్టుకోవడం కొంచెం పేరంటం లాగా కనిపించినా పనికొచ్చే పద్ధతి.

తిండిని ముందుకు జరపమంటే కొందరు రెండో చివరకు వెళ్తారు. సాయంత్రం ఎలాగూ తాగుతున్నాం కదా అని శనివారం పొద్దుటి నుంచి ఏమీ తినరు. కాగితం మీద పద్దు చక్కగా సరిపోతుంది. ఒంట్లో జరిగేది వేరు. పొద్దుటి నుంచి పస్తున్న కాలేయంలో నిల్వ చక్కెర తగ్గి ఉంటుంది, ఆల్కహాల్ వచ్చి కొత్తగా చక్కెర తయారయ్యే పనికి అడ్డు పడుతుంది. రక్తంలో చక్కెర పడిపోయి చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం రావచ్చు. చూసేవాళ్ళు మత్తు ఎక్కిందనుకుని పడుకోబెడతారు, అందులోనే ప్రమాదం ఉంది. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకు, కొన్ని రకాల షుగర్ మాత్రలు వాడేవాళ్ళకు ఇది ప్రాణం మీదికి వచ్చే సంగతి. వాళ్ళు ఈ వ్యాసంలోని అంకెలతో కాదు, తమ డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి.

తర్వాతి రోజు నడిచి కరిగించేస్తాం అనేవాళ్ళూ ఉన్నారు. 84 కిలోల మనిషి ఒక క్వార్టర్‌కు సరిపడా ఖర్చు పెట్టాలంటే చురుగ్గా గంటన్నర పైనే నడవాలి. తల నొప్పితో లేచిన ఆదివారం ఆ నడక ఎంతమంది నడుస్తారో ఎవరికి వారు చెప్పుకోవాలి.

లెక్క ఎక్కువగా తప్పేది పెగ్గు కొలతలో. బార్‌లో కొలిచే గిన్నె ఉంటుంది. ఇంట్లో స్నేహితుడి చెయ్యే కొలత, అదీ ప్రేమతో నిండిన చెయ్యి. మొదటి పెగ్గు 60 అయితే మూడోది 80 అవుతుంది, పోసినవాడికీ తెలియదు, తాగినవాడికీ తెలియదు. పూర్తి సీసాలోంచి పోసుకుంటూ ఎన్ని పెగ్గులు అని లెక్కపెట్టడం కంటే, ముందుగా తన వంతు ఇంత అని విడిగా తీసుకోవడం నమ్మకమైన దారి. రెండు లార్జ్‌లు అనుకున్నవాడు క్వార్టర్ సీసా కొనుక్కుని అందులో మూడో వంతు మిగలాలి అనుకుంటే, మిగిలిందో లేదో కంటికి కనిపిస్తుంది. నలుగురి మధ్య ఫుల్ బాటిల్ తెరిస్తే ఆ సాక్ష్యం ఉండదు.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. పద్దు ప్రకారం 500 జమ చేసి 285 తాగవచ్చు అయితే, 1000 జమ చేసి 700 తాగవచ్చా అని అడిగితే అంకెలు ఒప్పుకుంటాయి, ఒళ్ళు ఒప్పుకోదు. రోజుకు రెండు వందలు అదనంగా తగ్గించి 1600 తినే మనిషి శుక్రవారానికి ఆకలితో ఉంటాడు, ఆ ఆకలి శనివారం నంజుళ్ళ మీద తీర్చుకుంటాడు. దీనికి తోడు ఒక్క కూర్చోవడంలో క్వార్టర్ దాటడం బరువు సమస్య కంటే పెద్ద సమస్య. బ్రిటన్ ఆరోగ్య శాఖ సలహా ప్రకారం వారానికి దాటకూడని మోతాదు సుమారు 110 గ్రాముల ఆల్కహాల్. దాన్నీ మూడు రోజులకు తక్కువ కాకుండా పంచుకోవాలి గానీ ఒక్క రాత్రిలో కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇంకా గట్టిగా, ఏ కొంచెమైనా సురక్షితం అనలేమని చెప్పింది. ఆల్కహాల్‌కూ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం మోతాదు ఎంత తక్కువైనా పూర్తిగా పోదని వాళ్ళ వాదన. బరువు పద్దు సరిపోయిందంటే అర్థం బరువు పద్దు సరిపోయిందని మాత్రమే.

ఆడవాళ్ళకు ఈ హద్దు ఇంకా దగ్గర. బరువు తగ్గడానికి రోజుకు 1300 తినే ఒక మహిళకు రెండు లార్జ్‌లు అంటే రోజు తిండిలో ఐదో వంతుకు పైన పోయినట్టు. అంత తక్కువలో మిగిలిన దాంతో ప్రోటీన్, కూరగాయలు సరిపెట్టుకోవడం కష్టం. ఒంట్లో నీటి పాలు తక్కువ కాబట్టి అదే పెగ్గు రక్తంలో ఎక్కువగా కనిపిస్తుంది కూడా. ఒక లార్జ్ లేదా ఒక చిన్న బీరు దగ్గర ఆగితే పద్దు నిలుస్తుంది. గర్భవతులు, ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్ళు, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉన్నవాళ్ళు ఈ లెక్కలోకే రావద్దు. రోజూ బాగా తాగే అలవాటు ఉన్నవాళ్ళది ఇంకో దారి. వాళ్ళు డైటింగ్ పేరుతో ఉన్నట్టుండి మానేస్తే వణుకు, ఫిట్స్ దాకా రావచ్చు కాబట్టి డాక్టరు పర్యవేక్షణలోనే తగ్గించాలి.

శనివారం పద్దు బాగా నడిచినా ఆదివారం దాన్ని చెడగొట్టగలదు. తాగిన రాత్రి త్వరగా నిద్ర పడుతుంది, కానీ తెల్లవారుజామున మాటిమాటికీ తెగిపోతుంది. నిద్ర చాలని రోజు నూనెవి, తీపివి ఎక్కువగా తినాలనిపిస్తుంది. అందువల్ల ఆదివారం ఏం తినాలో శనివారం మధ్యాహ్నమే అనుకుని పెట్టుకోవాలి. పొద్దున నీళ్ళు, మజ్జిగ, రెండు ఉడికించిన గుడ్లు, ఇడ్లీ. మటన్ వండితే వండనివ్వండి, ముక్కలు తీసుకుని పైన తేలే నూనె వదిలేయండి. పన్నెండింటికల్లా కడుపులో ఇంత ప్రోటీన్ పడితే సాయంత్రం బజ్జీల బండి దగ్గర ఆగాలన్న కోరిక సగానికి తగ్గుతుంది.

ఇదంతా పని చేస్తోందో లేదో తెలుసుకోవడానికి సోమవారం కాటా ఎక్కితే అది తప్పుదారి పట్టిస్తుంది. ఆల్కహాల్ మూత్రాన్ని ఎక్కువ చేస్తుంది కాబట్టి ఆదివారం పొద్దున బరువు తగ్గినట్టు కనబడవచ్చు. తర్వాత బిర్యానీ ఉప్పు, అన్నం నీళ్ళను పట్టి ఉంచి సోమ, మంగళవారాల్లో కిలో, కిలోన్నర పెరిగినట్టు చూపుతుంది. రెండూ నీళ్ళే. ఒక్క రాత్రిలో కిలోన్నర కొవ్వు చేరాలంటే పదకొండు వేల పైచిలుకు కేలరీలు ఎక్కువ తినాలి, అది ఏ సిట్టింగులోనూ సాధ్యం కాదు. రోజూ పొద్దున బాత్రూముకు వెళ్ళొచ్చాక, ఏమీ తాగకముందు బరువు చూసి రాసుకోవాలి. వారం చివర ఏడు అంకెలకూ సగటు తీయాలి. ఈ వారం సగటును గత వారం సగటుతో పోల్చాలి, ఒక రోజును ఇంకో రోజుతో కాదు.

మన ఉదాహరణలోని మనిషి నాలుగు వారాలు ఇలా నడిస్తే సగటు కిలోన్నర, కిలో ముప్పావు తగ్గాలి. కిలో లోపే తగ్గితే ఎక్కడో లెక్కలోకి రానిది ఉంది. వెతకాల్సిన వరస కూడా ఉంది. మొదట నంజుళ్ళు, తర్వాత ఆదివారం సాయంత్రం, ఆ తర్వాత పెగ్గు పోసే చెయ్యి. ఈ మూడూ సరిగ్గానే ఉన్నాయని తేలితే సిట్టింగును వారం విడిచి వారానికి మార్చి ఇంకో నాలుగు వారాలు సగటు చూడాలి. అప్పుడు అంకె కదిలితే కారణం ఎక్కడుందో దొరికినట్టే. అప్పటికీ కదలకపోతే రోజుకు 2300 ఖర్చవుతోందన్న మొదటి అంచనాయే ఎక్కువ వేశాం, దాన్ని 2100కు దించి పద్దు మళ్ళీ మొదలుపెట్టాలి.